జాతకంలో స్థిర నక్షత్రాలు: ఏ పద్ధతితో చూడాలి, ఏ కలయికను వదిలేయాలి

జాతకం వేసే సాఫ్ట్‌వేర్‌లో స్థిర నక్షత్రాల పట్టిక తెరిస్తే ఒక్కో జాతకానికి ఏడెనిమిది కలయికలు కనిపిస్తాయి. చంద్రుడి మీద రెగ్యులస్, బుధుడి మీద అల్గాల్, లగ్నం మీద ఒకేసారి రెండు నక్షత్రాలు. ఒక్కోదాని గురించి వెతికితే రాజ్యాధికారం నుంచి శిరచ్ఛేదం దాకా అన్నీ రాసి ఉంటాయి. వీటిలో ఏది నమ్మాలో, ఏది పక్కన పెట్టాలో తేలక ఆగిపోయిన వారి కోసం ఈ పోలిక.

పాశ్చాత్య సంప్రదాయ జ్యోతిషంలో స్థిర నక్షత్రాలకు చోటుంది, అయితే అది చిన్న చోటు. టాలెమీ పేరుతో చెలామణి అయిన వంద సూత్రాల గ్రంథం ‘సెంటిలోక్వియమ్’లోని 29వ సూత్రం సారాంశం ఇది: స్థిర నక్షత్రాలు ఊహకందని భాగ్యం ఇస్తాయి, కానీ గ్రహాలు కూడా ఆ భాగ్యానికి ఒప్పుకోకపోతే అది చాలాసార్లు ఆపదతో ముగుస్తుంది. నేను ఈ వ్యాసంలో చెప్పేదంతా ఈ సూత్రం చుట్టూనే తిరుగుతుంది. నక్షత్రం సాక్షి, తీర్పు ఇచ్చేది గ్రహాలు.

పోల్చే ముందు చూడాల్సినవి

మొదటిది శరం, అంటే నక్షత్రం క్రాంతివృత్తానికి ఎంత ఉత్తరంగా లేదా దక్షిణంగా ఉందన్నది. గ్రహాలన్నీ క్రాంతివృత్తానికి దగ్గర్లోనే తిరుగుతాయి. చంద్రుడు దాదాపు 5 డిగ్రీలకు మించి పక్కకు పోడు. నక్షత్రాలకు ఆ కట్టుబాటు లేదు. రెగ్యులస్ శరం అర డిగ్రీ లోపే, సిరియస్ శరం దాదాపు 40 డిగ్రీలు. పట్టికలో రెండూ ఒకే రకంగా ‘కలయిక’ అని కనిపిస్తాయి. ఆకాశంలో చూస్తే మొదటిది గ్రహాన్ని ఆనుకుని ఉంటుంది, రెండోది ఎక్కడో దూరంగా ఉంటుంది.

రెండోది ఆర్బ్, అంటే ఎంత ఎడం వరకు కలయికగా ఒప్పుకుంటామన్న హద్దు. దీన్ని విడిగా చూస్తే సరిపోదు, మనం తీసుకున్న నక్షత్రాల సంఖ్యతో కలిపి చూడాలి. పదిహేను నక్షత్రాలకు అటూ ఇటూ ఒక్కో డిగ్రీ ఇస్తే రాశిచక్రంలో 30 డిగ్రీలు ఆక్రమించినట్టు, అంటే పన్నెండో వంతు. ఏడు గ్రహాలు, లగ్నం, దశమ బిందువు కలిపి తొమ్మిది స్థానాలు చూస్తే సగటున జాతకానికి ఒక కలయిక కూడా పూర్తిగా రాదు. అదే అరవై నక్షత్రాలకు అటూ ఇటూ రెండు డిగ్రీలు ఇచ్చి, పద్నాలుగు స్థానాలతో పోలిస్తే సగటున తొమ్మిది కలయికలు వచ్చిపడతాయి. ఆ తొమ్మిదీ ఎవరి జాతకం వేసినా ఏదో ఒక రూపంలో వచ్చేవే. అందరికీ వచ్చే సూచనతో ఒక మనిషి గురించి విడిగా చెప్పగలిగేది ఏమీ ఉండదు.

మూడోది జననసమయం ఎంత నిక్కచ్చిగా తెలుసన్నది. లగ్నం సగటున 4 నిమిషాలకు ఒక డిగ్రీ కదులుతుంది. ‘సాయంత్రం ఆరు, ఆరున్నర మధ్య’ అని చెప్పిన జాతకంలో లగ్నం మీద నక్షత్రాన్ని చూడటంలో అర్థం లేదు. చంద్రుడైతే రోజుకు 13 డిగ్రీల చొప్పున నడుస్తాడు కాబట్టి అరగంట తేడా వచ్చినా పెద్దగా కదలడు.

ఇక నాలుగోది, చాలామంది మరిచేది: ఆ గ్రహం జాతకంలో ఎంత ముఖ్యం? సూర్యుడు రెగ్యులస్‌కు ఒక డిగ్రీలోపు ఉండేది ఏడాదికి రెండు రోజులు, ఇప్పటి కాలంలో ఆగస్టు 22, 23 ప్రాంతంలో. చంద్రుడు నెలకు మూడున్నర గంటల పాటు ఉంటాడు. శని సగటు వేగంతో ఆ రెండు డిగ్రీలు దాటడానికి దాదాపు రెండు నెలలు తీసుకుంటాడు. ఆ రెండు నెలల్లో పుట్టిన వారందరికీ ‘శని మీద రెగ్యులస్’ ఉంటుంది. అందుకే పాతవారు ముందు లగ్నం, దశమం, సూర్యచంద్రులు, లగ్నాధిపతి వైపు చూసేవారు. మిగతా గ్రహాలు ఆ తర్వాతే.

మొదటి దారి: స్ఫుటాన్ని బట్టి కలయిక

అందరూ వాడేది ఇదే. నక్షత్రం నుంచి క్రాంతివృత్తం మీదికి లంబంగా గీత గీస్తే అది తాకిన డిగ్రీయే ఆ నక్షత్రం స్ఫుటం. గ్రహం అదే డిగ్రీలో ఉంటే కలయిక. లెక్క సులువు, పుట్టిన ఊరితో పని లేదు, చంద్రుడికీ సూర్యుడికీ జననసమయం ఉజ్జాయింపుగా తెలిసినా చాలు.

ఈ దారి బలం క్రాంతివృత్తానికి దగ్గరగా ఉన్న నక్షత్రాల దగ్గర తెలుస్తుంది. రెగ్యులస్, స్పైకా, ఆంటారెస్, అల్డెబరాన్, అంటే మనం మఖ, చిత్ర, జ్యేష్ఠ, రోహిణి నక్షత్రాల యోగతారలుగా పిలుచుకునే నాలుగూ చంద్రుడి దారిలోనే ఉన్నాయి. కొన్ని కాలాల్లో చంద్రుడు వీటిని పూర్తిగా కప్పేస్తాడు కూడా. వీటితో కలయిక అంటే కంటికి కనిపించే కలయికే. ఈ నాలుగింటికి నేను ఒక డిగ్రీ ఆర్బ్ ఇస్తాను, చంద్రుడు నక్షత్రం వైపు వెళుతుంటే ఒకటిన్నర దాకా.

బలహీనత శరం పెద్దదైన నక్షత్రాల దగ్గర బయటపడుతుంది. సూర్యుడు సిరియస్ స్ఫుటానికి వచ్చినప్పుడు కూడా రెండింటి మధ్య ఆకాశంలో 39 డిగ్రీల పైన ఎడం ఉంటుంది. దాన్ని గ్రహనక్షత్ర యుతి అనడం నాకు కష్టం.

ఇక్కడే ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. అయన చలనం వల్ల సాయన రాశిచక్రంలో నక్షత్రాలు దాదాపు 72 ఏళ్లకు ఒక డిగ్రీ ముందుకు జరుగుతాయి. 1900కు లెక్కించిన పట్టికను 2000లో పుట్టినవారికి వాడితే 1.4 డిగ్రీల తేడా వస్తుంది. ఒక డిగ్రీ ఆర్బ్ పెట్టుకున్నవారికి ఆ తేడాతో ఉన్న కలయిక పోతుంది, లేని కలయిక పుడుతుంది. నక్షత్రం స్ఫుటం ఎప్పుడూ జాతకుడు పుట్టిన సంవత్సరానిదే అయి ఉండాలి.

రెండో దారి: పుట్టిన చోట నిజంగా ఉదయించిందా

లగ్నం అంటే తూర్పు దిగ్మండలం. నక్షత్రం లగ్నం మీద ఉందంటే ఆ క్షణాన అది తూర్పున ఉదయిస్తూ ఉండాలి కదా. అలాగే దశమం మీద ఉందంటే మధ్యాహ్నరేఖను దాటుతూ ఉండాలి. క్రీ.శ. 379 నాటి పేరు తెలియని గ్రీకు రచయిత స్థిర నక్షత్రాల మీద రాసిన గ్రంథంలో ప్రధానంగా చర్చించింది జన్మకాలంలో కేంద్రాల మీదికి వచ్చిన ప్రకాశవంతమైన నక్షత్రాల గురించే.

స్ఫుటం ప్రకారం లగ్నం మీద ఉన్న నక్షత్రం నిజంగా ఉదయిస్తూ ఉండాలని లేదు. కింది పట్టిక ఉత్తర అక్షాంశం 40 డిగ్రీలకు లెక్కించినది. స్ఫుటాలు సాయనం, 2000వ సంవత్సరానివి, వాతావరణం వల్ల కిరణాలు వంగడాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

| నక్షత్రం | స్ఫుటం | శరం | అది ఉదయించేటప్పుడు లగ్నం |
|---|---|---|---|
| రెగ్యులస్ | సింహం 29°50′ | 0°28′ ఉత్తరం | సింహం 29½° పైన |
| స్పైకా | తుల 23°50′ | 2°03′ దక్షిణం | తుల 24½° |
| ఆర్క్‌ట్యూరస్ | తుల 24°14′ | 30°44′ ఉత్తరం | తుల 13½° |
| సిరియస్ | కర్కాటకం 14°05′ | 39°36′ దక్షిణం | సింహం 9° |
| అల్గాల్ | వృషభం 26°10′ | 22°25′ ఉత్తరం | మేషం ½° |

రెండో గడినీ చివరి గడినీ పక్కపక్కన పెట్టి చూడండి. రెగ్యులస్‌కు తేడా దాదాపు లేదు, స్పైకాకు ఒక డిగ్రీ లోపే. సిరియస్‌కు 25 డిగ్రీలు. అల్గాల్‌కు ఏకంగా 55 డిగ్రీల పైన. వృషభం 26లో లగ్నం ఉన్నవారికి ‘అల్గాల్ లగ్నం మీద ఉంది’ అని భయపెట్టేవారు ఒక్కసారి ఈ లెక్క చేయాలి. ఆ క్షణానికి అల్గాల్ తూర్పున ఉదయించి గంటలు గడిచాయి.

ఈ లెక్క ఊరిని బట్టి కూడా మారుతుంది. అదే సిరియస్ 20 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో కర్కాటకం 24 ప్రాంతంలో లగ్నం ఉండగా ఉదయిస్తుంది. 49 డిగ్రీలు దాటి ఉత్తరానికి పోతే అల్గాల్ అసలు అస్తమించదు కాబట్టి ఉదయించడమూ ఉండదు. అక్కడ పుట్టినవారికి అల్గాల్ లగ్నం మీదికి రావడమన్నదే లేదు.

దశమం దగ్గర పేచీ తక్కువ. నక్షత్రం మధ్యాహ్నరేఖను దాటేటప్పుడు దానితో పాటు దాటే డిగ్రీకి అక్షాంశంతో సంబంధం లేదు, ఎక్కడ పుట్టినా ఒకటే. సిరియస్ కర్కాటకం 10½ డిగ్రీల దగ్గర మధ్యాహ్నరేఖను దాటుతుంది. స్ఫుటంతో తేడా నాలుగు డిగ్రీల లోపే, అయినా ఒక డిగ్రీ ఆర్బ్ వాడేవారికి అదీ తక్కువేం కాదు.

ఈ దారికి కావాల్సిందల్లా నిక్కమైన జననసమయం. నిమిషాల్లో తెలియకపోతే ఈ దారి మూసుకున్నట్టే. గ్రహాల గురించి ఇది ఏమీ చెప్పదు, కేంద్ర బిందువులకే పనికొస్తుంది.

మూడో దారి: పరాన్‌లు

ఒక గ్రహం ఏదో ఒక కేంద్రం మీద ఉన్న వేళకే ఒక నక్షత్రం కూడా ఏదో ఒక కేంద్రం మీద ఉంటే దాన్ని పరాన్ అంటారు. ఉదాహరణకు శుక్రుడు అస్తమిస్తుండగా వేగా మధ్యాహ్నరేఖను దాటడం. పుట్టిన క్షణానికే కాదు, ఆ రోజంతటిలో ఎప్పుడు జరిగినా లెక్కలోకి తీసుకునేవారున్నారు. శరం ఎంత ఉన్నా ఇబ్బంది లేకపోవడం, సిరియస్, వేగా, ఆర్క్‌ట్యూరస్ లాంటి గొప్ప నక్షత్రాలకు న్యాయం జరగడం ఈ పద్ధతిలో నాకు నచ్చేవి.

చిక్కు సంఖ్యలో ఉంది. ఏడు గ్రహాలు, పదిహేను నక్షత్రాలు తీసుకుని, ఉదయం, అస్తమయం, మధ్యాహ్నరేఖ, దాని కింది బిందువు నాలుగింటినీ కలిపి, అటూ ఇటూ 4 నిమిషాలు వదిలితే సగటున రోజుకు ఎనిమిది, తొమ్మిది పరాన్‌లు వస్తాయి. పైగా అదే రోజు అదే ఊళ్లో పుట్టిన వారందరికీ అవే. అవధిని అర నిమిషానికి కుదించి, పుట్టిన వేళకు కేంద్రం మీద ఉన్న గ్రహంతో ఏర్పడిన వాటికే పరిమితమైతే తప్ప జాతక పఠనంలో దీన్ని వాడమని నేను చెప్పను. కొత్తగా నేర్చుకుంటున్నవారు ఇప్పటికి దీన్ని పక్కన పెట్టడమే మంచిది.

నాలుగో దారి: మూడే నక్షత్రాలు

విలియం లిల్లీ 1647లో అచ్చువేసిన ‘క్రిస్టియన్ ఆస్ట్రాలజీ’లో గ్రహబలాన్ని అంకెల్లో లెక్కగట్టే పట్టిక ఒకటి ఉంది. ఉచ్చ, స్వక్షేత్రం, కేంద్రస్థానం, వక్రగతి, అస్తంగత్వం వంటివన్నీ అందులో ఉంటాయి. ఆ వరసలో చివరికి చేరిన స్థిర నక్షత్రాలు మూడే మూడు. రెగ్యులస్‌తో కలిస్తే 6 కలపాలి, స్పైకాతో కలిస్తే 5 కలపాలి, అల్గాల్‌తో కలిస్తే, లేదా దానికి 5 డిగ్రీల లోపు ఉంటే, 5 తీసేయాలి. రెగ్యులస్‌ను సింహం 24లో, స్పైకాను తుల 18లో, అల్గాల్‌ను వృషభం 20లో చూపించాడు. ఇప్పుడు ఒక్కోటీ అప్పటికంటే అయిదారు డిగ్రీలు ముందుకు వచ్చింది.

నక్షత్రం బలమైనదే కావచ్చు, కానీ దాని బరువు స్వక్షేత్రంలో ఉన్న గ్రహానికిచ్చే బరువుతో దాదాపు సమానమే తప్ప ఎక్కువేం కాదని ఈ పట్టిక చెబుతుంది. లిల్లీ లెక్కలో స్వక్షేత్రానికీ 5 అంకెలే. రెగ్యులస్ ఒక్కటే గ్రహాన్ని రాజును చేయదు, నీచలో ఉన్న గ్రహాన్ని కాస్త నిలబెడుతుంది.

అల్గాల్ పక్కన ఉన్న 5 డిగ్రీల ఆర్బ్ విశాలంగా కనిపిస్తుంది. మూడు నక్షత్రాలకూ అదే ఇచ్చినా ఆక్రమించేది చక్రంలో 30 డిగ్రీలు, ఇంతకుముందు పదిహేను నక్షత్రాలకు ఒక్కో డిగ్రీ ఇస్తే వచ్చిన 30 డిగ్రీలే. పొదుపు అనేది రెండు రకాలుగా చేయవచ్చు: తక్కువ నక్షత్రాలతో వెడల్పుగా, లేదా ఎక్కువ నక్షత్రాలతో ఇరుకుగా. రెండింటినీ వదిలి, ఎక్కువ నక్షత్రాలతో వెడల్పుగా పోతేనే పట్టు తప్పుతుంది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. లిల్లీ పని చేసిన లండన్‌లో అల్గాల్ అప్పట్లో అస్తమించేది కాదు, ఉత్తర దిగ్మండలాన్ని ఒరుసుకుంటూ తిరిగేది. అయినా ఆయన దాన్ని స్ఫుటంతోనే లెక్కలోకి తీసుకున్నాడు. శరం పెద్దదైన నక్షత్రాలకు స్ఫుటం పనికిరాదన్న నా వాదనకు ఇది బలమైన ఎదురు సాక్ష్యం. అందుకే గ్రహం మీద అల్గాల్ ఉంటే పూర్తిగా కొట్టేయను, రాసుకుంటాను. కేంద్రం మీద ఉందని సాఫ్ట్‌వేర్ చూపిస్తే మాత్రం ఉదయపు లెక్క సరిపోలితేనే ఒప్పుకుంటాను.

ఒక జాతకాన్ని నాలుగు దారుల్లో చూస్తే

పోలిక కోసం కట్టుకున్న ఊహా జాతకం ఇది. ఉత్తర అక్షాంశం 40 డిగ్రీలు, పగటి జననం, సూర్యాస్తమయానికి ఇంకా గంటకు పైగా ఉంది. సాయన లగ్నం తుల 24°10′. సూర్యుడు వృషభం 8°, బుధుడు వృషభం 26°40′, శని కర్కాటకం 13°40′, చంద్రుడు సింహం 29°20′లో ఒక డిగ్రీ ఉత్తర శరంతో. లగ్నాధిపతి శుక్రుడు మీనం 26°లో ఉచ్చలో ఉన్నాడు, కానీ ఆరో ఇంట. రాశినే భావంగా తీసుకుందాం. నక్షత్రాల స్ఫుటాలు పై పట్టికలోవే.

సాఫ్ట్‌వేర్ అయిదు కలయికలు చూపిస్తుంది: లగ్నం మీద స్పైకా, లగ్నం మీద ఆర్క్‌ట్యూరస్, చంద్రుడి మీద రెగ్యులస్, బుధుడి మీద అల్గాల్, శని మీద సిరియస్.

ఆర్క్‌ట్యూరస్‌తో మొదలుపెడదాం. స్ఫుటంలో లగ్నానికి 4 కళల దూరమే, అయిదింటిలో ఇదే అతి దగ్గరి కలయికగా కనిపిస్తుంది. కానీ ఆ అక్షాంశంలో ఆర్క్‌ట్యూరస్ ఉదయించి అప్పటికే 54 నిమిషాలైంది. దిగ్మండలానికి దాదాపు 10 డిగ్రీల ఎత్తులో ఉంది. లగ్నం మీద లేని నక్షత్రం లగ్నం గురించి సాక్ష్యం చెప్పలేదు, కాబట్టి కొట్టేస్తాను. తెరమీద కళల్లో కనిపించే దగ్గరితనం ఎంత మోసపుచ్చగలదో దీన్ని మించిన ఉదాహరణ లేదు.

స్పైకా స్ఫుటం ప్రకారం లగ్నానికి 20 కళల దూరంలో ఉంది. నిజంగా ఉదయించేది జననానికి 2 నిమిషాల తర్వాత. మొదటి దారీ రెండో దారీ ఒకే మాట చెబుతున్నాయి, నాలుగో దారిలో కూడా ఈ నక్షత్రం ఉంది. జననసమయం గడియారం చూసి రాసుకున్నదైతే దీన్ని ఉంచుతాను. టాలెమీ స్పైకాకు శుక్రుడి స్వభావం, కొద్దిగా కుజుడి స్వభావం ఇచ్చాడు. లగ్నాధిపతి శుక్రుడే, ఉచ్చలో ఉన్నాడు. నక్షత్రం చెప్పేదానికి గ్రహం ఒప్పుకుంటోంది. కాబట్టి చేతినైపుణ్యం, సౌందర్యదృష్టి ఈ మనిషికి గుర్తింపు తెస్తాయని ధైర్యంగా చెప్పవచ్చు. శుక్రుడు ఆరో ఇంట ఉన్నాడు కాబట్టి ఆ గుర్తింపు చాకిరీ చేసి సంపాదించుకునేది, దానంతట అది వచ్చిపడేది కాదు. ఈ రెండో వాక్యం గ్రహం నుంచి వచ్చిందని గమనించండి, నక్షత్రం నుంచి కాదు.

చంద్రుడి మీద రెగ్యులస్ ఈ జాతకంలో అన్నిటికంటే గట్టిది. స్ఫుటంలో అర డిగ్రీ ఎడం. శరాన్ని కూడా కలిపి చూస్తే ఆకాశంలో ముప్పావు డిగ్రీకి మించని దూరం. చంద్రుడు ఇంకా నక్షత్రం వైపే వెళుతున్నాడు, శుక్లపక్షంలో ఉన్నాడు. దశమాధిపతి కూడా ఆయనే, ఉన్నది లాభస్థానంలో. టాలెమీ ప్రకారం రెగ్యులస్ కుజ గురు స్వభావం కలది. పెద్ద పదవుల్లో ఉన్నవారి స్నేహంతో వృత్తిలో ఎదుగుదల అని చదువుతాను. జననసమయం అరగంట అటూ ఇటూ అయినా ఈ కలయిక చెదరదు. చంద్రుడి స్ఫుటం మారేది పావు డిగ్రీయే.

శని మీద సిరియస్ కలయికలో స్ఫుటం 25 కళల ఎడంలో ఉంది. కానీ నక్షత్రం క్రాంతివృత్తానికి దాదాపు 40 డిగ్రీల దక్షిణాన ఉంది. పోనీ సిరియస్ ఏదైనా కేంద్రం మీద ఉందా అంటే అదీ లేదు, మధ్యాహ్నరేఖను దాటి గంటంబావు అయింది. పైగా ఆ నెలలో పుట్టినవారిలో ఎంతోమందికి శని అక్కడే. దీన్ని వదిలేస్తాను.

మిగిలింది బుధుడి మీద అల్గాల్, సలహా అడిగే చాలామంది నిద్ర చెడగొట్టుకునే కలయిక. ఎడం అర డిగ్రీ, శరం 22 డిగ్రీలు. లిల్లీ లెక్కలో బుధుడికి 5 అంకెలు తగ్గుతాయి. ఇప్పుడు బుధుడి సొంత పరిస్థితి చూడాలి. సూర్యుడికి 18 డిగ్రీల పైన దూరం కాబట్టి అస్తంగతుడు కాడు, సూర్యకిరణాల పరిధిలోనూ లేడు. కూర్చున్నది ఉచ్చలో ఉన్న శుక్రుడి రాశిలో. అష్టమంలో ఉండటం ఒక్కటే లోటు. ఇలాంటి బుధుడి మీద అల్గాల్ ఒక్కదాన్ని పట్టుకుని విపత్తు జోస్యం చెప్పడం తప్పు. నోట్సులో రాసుకుంటాను, జాతకుడికి చెప్పను. ఇదే బుధుడు అస్తంగతుడై, కుజుడి చతురస్ర దృష్టిలో ఉండి, అష్టమంలో కూడా ఉంటే మాట వేరు. అప్పుడు గ్రహాలే కష్టం చెబుతున్నాయి, అల్గాల్ ఆ కష్టం తీవ్రతను చెబుతుంది. అప్పుడు కూడా మాటల్లో, కాగితాల్లో, ఒప్పందాల్లో జాగ్రత్త అన్నంతవరకే వెళతాను.

అయిదింటిలో పఠనంలోకి వచ్చినవి రెండు. మామూలు జాతకంలో అన్నీ కూడా రావచ్చు, ఒక్కటీ రాకపోవచ్చు. ఒక్కటీ రానప్పుడు ఆర్బ్ పెంచి వెతకడం మొదలుపెట్టకండి. నక్షత్రం లేని జాతకం లోపమున్న జాతకం కాదు.

నిరయణంలో చూసేవారికి

తెలుగు పాఠకుల్లో ఎక్కువమంది జాతకం నిరయణంలో ఉంటుంది. లాహిరి అయనాంశ 2000లో 23°51′. దాన్ని తీసేస్తే పై జాతకంలో చంద్రుడు సింహం 5°29′, రెగ్యులస్ సింహం 5°59′. ఎడం అదే అర డిగ్రీ. చిత్రతార కన్యా తులల సరిహద్దు దగ్గరికి వస్తుంది, ఆ అయనాంశకు ఆధారమే అది. గ్రహం, నక్షత్రం రెండూ ఒకే పద్ధతిలో ఉన్నంతవరకు కలయిక మారదు. నిరయణ గ్రహాన్ని సాయన నక్షత్ర పట్టికతో పోల్చినప్పుడే గందరగోళం. నిరయణంలో సింహం 29లో చంద్రుడున్న ఒకరికి రెగ్యులస్ ఉందని చెప్పారంటే ఆ పొరపాటే జరిగిందన్నమాట.

రెండో పొరపాటు జన్మనక్షత్రంతో కలపడం. మఖా నక్షత్రం సింహంలో 13°20′ పొడవున్న భాగం, రెగ్యులస్ అందులో ఒక బిందువు. నిరయణ సింహం 12 డిగ్రీల్లో చంద్రుడున్నవారిది మఖా నక్షత్రమే, కానీ రెగ్యులస్‌కు 6 డిగ్రీల దూరంలో ఉన్నారు. దశలకూ పొంతనలకూ ఆ 13°20′ భాగం సరిపోతుంది. ఈ వ్యాసంలో చెప్పిన స్థిర నక్షత్ర కలయికకు సరిపోదు.

ఎవరికి ఏ దారి

జననసమయం సరిగా తెలియని జాతకమైతే లగ్నాన్నీ దశమాన్నీ వదిలేయండి. సూర్యచంద్రుల మీద క్రాంతివృత్తానికి దగ్గరి నాలుగు నక్షత్రాలను మాత్రమే, ఒక డిగ్రీ ఆర్బ్‌తో చూడండి. చంద్రుడి విషయంలో సమయం గంటలకొద్దీ తెలియకపోతే ఆయన్నీ వదిలేయాలి.

సమయం నిమిషాల్లో తెలిసి, నక్షత్రాలను ఇప్పుడే నేర్చుకుంటున్నవారికి నాలుగో దారి మంచిది. మూడే నక్షత్రాలు కాబట్టి వాటి స్వభావం చేతికి అందుతుంది. కాకపోతే సిరియస్, వేగా లాంటివి జాతకంలో నిజంగా ఉదయిస్తున్నా మీకు కనబడవు. ఆ నష్టం కొన్నాళ్లు భరించవచ్చు.

ఇతరుల జాతకాలు చెప్పేవారికి నేను సూచించేది మొదటి దారినీ రెండో దారినీ పంచుకోవడం. గ్రహాలకు స్ఫుటం, అదీ శరం చిన్నదైన నక్షత్రాలకు. కేంద్రాలకు నిజమైన ఉదయాస్తమయాలు, శరం ఎంతైనా సరే. ఇందుకు ప్రతి జాతకానికీ ఆ ఊరి అక్షాంశంతో లెక్క చేయాలి, లేదా ఆకాశాన్ని చూపించే ప్రోగ్రామ్‌లో పుట్టిన చోటు, సమయం ఇచ్చి తూర్పు దిగ్మండలం వైపు చూడాలి. రెండో పనికి రెండు నిమిషాలు చాలు, వాదనకు తావుండదు. నక్షత్రం అంచున ఉంటే ఉంది, పైకి వచ్చేసి ఉంటే లేదు.

చెప్పే క్రమం కూడా ముఖ్యమే. నక్షత్రాన్ని ముందు చెప్పకండి. లగ్నాధిపతి, సూర్యచంద్రులు, దశమాధిపతి చెప్పేది పూర్తిగా రాసుకుని, ఆ తర్వాతే నక్షత్ర పట్టిక తెరవండి. మీరు రాసుకున్న వాక్యాల్లో ఏదో ఒకదానికి నక్షత్రం బలం చేకూరిస్తే ఆ వాక్యం పక్కన చేర్చండి. ఏ వాక్యం పక్కనా చేరని నక్షత్రాన్ని నోట్సులోనే ఉంచి, జాతకుడికి చెప్పే మాటల్లోకి రానివ్వకండి.